వాన లేని చోట వర్షావాసం

ఏటా ఆషాఢ శ్రావణాలు వస్తే భిక్షువులు తిరుగుళ్లు మాని ఒకే చోట ఉండిపోవాలన్నది బౌద్ధ సంఘంలో చాలా పాత కట్టడి. వానాకాలంలో దారిన పడి నడిస్తే పచ్చని మొలకలు, పురుగూ పుట్రా కాళ్ల కింద నలిగిపోతున్నాయని జనం తప్పుపట్టారనీ, దాంతో బుద్ధుడు ఈ నియమం పెట్టాడనీ వినయ గ్రంథాలు చెబుతాయి. గుంటుపల్లి గుహలు, తొట్లకొండ గదులు చూసినవాళ్లకు దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. నల్లమబ్బు పట్టిందంటే మన ఊళ్లలో ఎవరైనా ఇంటిపట్టునే ఉంటారు. మరి ఏడాది పొడవునా కురిసినా 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఆగిపోయే లడాఖ్‌లో వర్షావాసం దేనికి? బిడారు దారుల వెంట ఉన్న విహారాల ఆచారాలు రాసుకోవడం నా పని. అందుకే ఈసారి నుబ్రా లోయకు వెళ్లాను.

లేహ్ నుంచి యార్కండ్‌కు వెళ్లే పాత దారి ఇదే. ఖర్దుంగ్ లా కనుమ దిగి నుబ్రాలోకి వచ్చిన గుర్రాలు, కంచరగాడిదలు పనామిక్ వేడినీటి ఊటల దగ్గర మేత మేసి ఒళ్లు చేసుకునేవి. ఆ తర్వాత ససేర్ హిమానీనదం, దాని వెనక 5,500 మీటర్ల ఎత్తున కారకోరం కనుమ. నూలు బట్ట, నీలిమందు, సుగంధ ద్రవ్యాలు అటు వెళ్లేవి. పట్టు, తివాచీలు, ఉన్ని నమ్దాలు, చరస్ ఇటు వచ్చేవి. 1940ల చివర సరిహద్దు మూతపడడంతో ఆ వర్తకం ఆగిపోయింది. హుందర్ ఇసుకలో పర్యాటకులను మోస్తున్న రెండు మూపుల ఒంటెలు అప్పుడు ఇటు చిక్కుకుపోయిన వాటి సంతానమే.

నేను దిగిన గొంపా సుమూర్ దాటాక, రోడ్డుకు ఎత్తుగా ఉంటుంది. పేరు రాయొద్దని అక్కడి పెద్ద లామా కోరారు కాబట్టి రాయడం లేదు. నన్ను అక్కడికి తీసుకెళ్లిన ముసలాయనను ఊరంతా ‘మేమే-లే’ అంటుంది. తాతగారూ అన్నమాట. నేనూ అలాగే పిలిచాను. ఆయన తండ్రి కిరాయాకష్, అంటే వర్తకుల సరుకును తన గుర్రాల మీద కిరాయికి మోసినవాడు.

టిబెటన్ పంచాంగంలో ఆరో నెల పౌర్ణమి అయ్యాక ఇక్కడ ‘యార్నే’ మొదలవుతుంది. మన లెక్కకు ఒక ఏడు ఆషాఢంలో, ఒక ఏడు శ్రావణంలో పడుతుంది. వినయంలో మూడు నెలలని ఉన్నా ఇక్కడ నెలన్నరతో ముగిస్తారు. ప్రవేశం రోజు వంటింట్లో వెన్న టీ కాచడంతోనే తెల్లవారింది. ఇటుకలా గట్టిగా ఒత్తిన టీ ఆకును చాలాసేపు మరిగించి, అందులో ‘ఫుల్’ వేశారు. నుబ్రా నేలలోనే దొరికే సోడా అది. దాంతో టీకి ఎర్రని జీర వస్తుంది. ఆ తర్వాత ఉప్పు, వెన్న కలిపి పొడవాటి చెక్క గొట్టంలో పోసి చిలికారు. ఆ చప్పుడును బట్టే దీనికి గుర్‌గుర్ చా అని పేరు.

టీ అయ్యాక పుల్లలు వచ్చాయి. నేను చూడాలనుకున్నదల్లా ఇదే. జానెడు పొడవున్న సన్నని పుల్లలు, చెక్కు తీసి నున్నగా గీకినవి, పళ్లెంలో పసుపుపచ్చ గుడ్డ కింద ఉన్నాయి. పెద్ద లామా గుడ్డ తీసి, ఈ వర్షావాసానికి ఒప్పుకున్నవాళ్లు పుల్ల తీసుకోవాలని ప్రకటించారు. మొదటి పుల్ల బుద్ధుడి పేరిట పక్కన పెట్టారు. తర్వాత ఒక్కో భిక్షువూ వంగి పుల్ల అందుకుని, కొంచెంసేపు పట్టుకుని, మళ్లీ పళ్లెంలో వేశాడు. పిల్ల భిక్షువుల పుల్లలు వాళ్ల గురువులే తీసుకున్నారు. చివర్లో లెక్కపెట్టి ఇందరం ఉన్నామని సభకు చెప్పారు. ఆ లెక్క మీదే గదులు, పడకలు, తిండిగింజలు పంచుతారు. శలాక పట్టి లెక్క తేల్చే ఈ పద్ధతి మూలసర్వాస్తివాద వినయంలోని వర్షావస్తు అనే భాగంలో ఉంది. టిబెట్‌కూ లడాఖ్‌కూ వచ్చింది ఆ వినయమే. పుస్తకంలో ఎన్నోసార్లు చదివినా, ఒక పుల్ల కింద పడితే పదేళ్ల కుర్రాడొకడు నవ్వాపుకోలేక చీవరంలో మొహం దాచుకోవడం పుస్తకంలో ఉండదు కదా.

ఆ తర్వాత ఎల్లలు చెప్పారు. తూర్పున వాగు, పడమట మణి రాళ్ల గోడ, కింద చోర్తెన్, పైన నీటికాలువ మొదలయ్యే చోటు. ఈ నెలన్నరా తెల్లవారేసరికి ప్రతి భిక్షువూ ఈ నాలుగింటి లోపలే ఉండాలి.

మధ్యాహ్నం తీరిక దొరికాక పెద్ద లామాను అడిగాను. “గెన్-లా, ఇక్కడ వానే లేదు కదా. ఎవరి కోసం ఈ నియమం?”

ఆయన చదువంతా కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో, ద్రెపుంగ్ విహారంలో అయింది. నాది ఆంధ్ర అని తెలిశాక రెండు ముక్కలు కన్నడంలో మాట్లాడి చూశారు కూడా. “అక్కడ యార్నే అంటే నిజంగా వానే. చీవరం ఆరదు, పుస్తకాలకు బూజు. ఎందుకు కూర్చోబెట్టారో అడగక్కర్లేకుండా తెలిసేది. ఇక్కడ వాన లేదు నిజమే. కిందికి చూడండి” అన్నారు. కింద బార్లీ చేలు కోతకు వస్తున్నాయి. కాలువ గట్ల మీద గడ్డి, దాంట్లో మిడతలు. “మాకు పచ్చదనం ఉండేది ఈ రెండు మూడు నెలలే. పురుగు బతికేదీ అప్పుడే. మీ దగ్గర వాన వల్ల అయ్యేది మా దగ్గర మంచు కరిగిన నీళ్ల వల్ల అవుతుంది.”

ఈ జవాబు నాకు నచ్చింది. అయితే ఇది తర్వాత వెతుక్కున్న కారణమేమోనని అనుమానం కూడా ఉంది. ఎందుకంటే ఇదే చిక్కును మరోలా విప్పుకున్నవాళ్లు ఉన్నారు. ఏడో శతాబ్దంలో భారతదేశానికి వస్తూ తుఖార దేశం, అంటే నేటి ఆమూ దర్యా నదికి అటూ ఇటూ ఉన్న ప్రాంతం దాటిన హ్యూయెన్‌త్సాంగ్ అక్కడి భిక్షువుల సంగతి రాసుకున్నాడు. ఆ దేశంలో చలికాలం చివర, వసంతం మొదట్లో ఎడతెగని వానలు. అందుకని భిక్షువులు చైనా లెక్కలో పన్నెండో నెల 16న వర్షావాసంలో కూర్చుని మూడో నెల 15న లేస్తారట. అంటే వాళ్లు వానను పట్టుకుని తేదీని వదిలేశారు. నుబ్రావాళ్లు తేదీని పట్టుకుని వానను వదిలేశారు. మూడు నెలలనే కొలత మాత్రం తుఖారంలో నిలిచింది, ఇక్కడ తగ్గింది. మన ధాన్యకటకంలో ఆగి అభిధర్మం చదువుకున్న మనిషే ఈ తేడాను కూడా కనిపెట్టి రాశాడు. తప్పుపట్టకుండా, కారణం చెప్పి రాశాడు. ఆచారాలు సేకరించేవాడిగా ఆయన్ను నేను అందుకే గౌరవిస్తాను.

ఇక్కడ బిడార్ల సంగతి వస్తుంది. మేమే-లే చెప్పినదాని ప్రకారం దారులు రెండు. శ్యోక్ నది గడ్డకట్టినప్పుడు దాని మీదుగా నడిచేది జమిస్తానీ, చలికాలపు దారి. నది పొంగినప్పుడు ససేర్ మీదుగా పోయేది తాబిస్తానీ, వేసవి దారి. వేసవి బిడార్లు కదిలేదీ, గొంపాలో భిక్షువులు ఎల్ల దాటకుండా కూర్చునేదీ ఒకే కాలంలో. “మా నాన్న యార్కండ్‌కు వెళ్లేముందు ఇక్కడ సభ మొత్తానికి టీ పోయించేవాడు. లామాలు ఎక్కడికీ వెళ్లరు కదా, అందరూ ఉంటారు. ఎక్కువమంది దీవిస్తారు” అన్నాడాయన. మంగ్‌జా అంటారు దీన్ని. దాత పేరూ, పని పేరూ సభలో చదువుతారు.

మరి భిక్షువే బిడారుతో ప్రయాణంలో ఉంటే? వినయం దీన్ని ముందే ఆలోచించింది. పాలి మహావగ్గంలో వర్షావాసం గురించిన భాగంలో సార్థంలో, అంటే బిడారులోనే వర్షావాసం చేయవచ్చని అనుమతి ఉంది. పశువుల మందతోనూ, పడవలోనూ చేయవచ్చు. ఆ మందో బిడారో కదిలితే దాంతోపాటే కదలవచ్చు. సుంకం ఎగ్గొట్టే వర్తకులతో మాట్లాడుకుని ప్రయాణం చేయడం మాత్రం తప్పు, దానికి వేరే నియమం ఉంది. అయినా ఫాహియాన్ లాంటివాళ్లు ఆ సౌకర్యం వాడుకోలేదు. క్రీ.శ. 399లో చాంగాన్ నుంచి బయల్దేరిన ఆయన ఆ ఏడు, మరుసటి ఏడు దారిలో ఆగి వర్షావాసం చేశాడు. ఉద్యానంలో, సాంకాశ్యంలో కూడా అలాగే ఆగాడు. ఆయన ప్రయాణంలో ఏ ఏడు ఎక్కడున్నాడో మనకు తెలుస్తున్నదంటే ఈ ఆగుళ్ల వల్లే.

ఫాహియాన్ ఖోతాన్‌లో చూసిన భోజనాల సంగతి కూడా ఇక్కడ గుర్తొచ్చింది. గంట మోగితే 3,000 మంది మాట్లాడకుండా కూర్చుంటారనీ, ఏదైనా కావాలంటే కేక వేయకుండా చేత్తో సైగ చేస్తారనీ ఆయన రాశాడు. ఈ గొంపాలో టీ పోసే కుర్రాళ్లకు గిన్నె మీద అరచెయ్యి పెడితే చాలు, వద్దని తెలిసిపోతుంది. ఖోతాన్ పద్ధతి ఇక్కడ మిగిలిందని రాయడానికి చెయ్యి దురద పెట్టింది. రాయలేదు. రెండుచోట్లా భోజన మర్యాదలు వినయం నుంచే వచ్చాయి. ఒకటి రెండో దాని నుంచి రానక్కర్లేదు.

నేనున్నప్పుడే ఒక ఇరవై ఏళ్ల భిక్షువుకు లేహ్‌లో ఉన్న తండ్రికి జబ్బు చేసిందని ఫోన్ వచ్చింది. యార్నేలో ఉన్నవాడు గడప దాటాలంటే తగిన కారణం ఉండాలి, ఏడు రోజులకు మించకూడదు. తల్లి, తండ్రి జబ్బు పడితే కబురు రాకపోయినా వెళ్లవచ్చని వినయంలోనే ఉంది. అతను పెద్ద భిక్షువు ముందు మోకరిల్లి ఎందుకు వెళ్తున్నదీ, ఎన్ని రోజులకు వెళ్తున్నదీ చెప్పి షేర్ టాక్సీ ఎక్కాడు. ఏడో రోజు ఖర్దుంగ్ లా మీద రాళ్లు జారి బండ్లు ఆగిపోయాయి. గడువుకు రాకపోతే వర్షావాసం తెగినట్టే. చివర్లో పంచే బట్టలో అతనికి వాటా ఉండదు. దారిలో ఉన్నానని ఫోన్ చేస్తే చాలదా అని భాండాగారం చూసే లామాను అడిగాను. “ఫోన్ ఎల్ల లోపలికి వచ్చింది. మనిషి రాలేదు” అన్నాడు. తెల్లవారకముందే ఆ కుర్రాడు లారీ దిగి, టార్చి వేసుకుని వాగు దాటి వచ్చాడు. తండ్రి కుదుటపడ్డాడట.

యార్నే చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇంగ్లిష్ క్యాలెండరులో దీనికి తేదీ ఉండదు. ఆ ఏటి టిబెటన్ ఆరో నెల పౌర్ణమి ఎప్పుడో లేహ్‌లో కనుక్కుని వెళ్లండి. ఎల్ల దగ్గర ఆగి లోపలికి కబురు పంపండి, పిలిస్తేనే వెళ్లండి. కప్పు మీరే తీసుకెళ్లాలి. అక్కడ ఎవరి గిన్నె వారిదే.