కారుకీ తరుగు ఉంటుందట!

పోయిన నెల మా కారు డివైడర్‌కి గుద్దుకుంది. దేవుడి దయ, మా వారికి దెబ్బలేం తగల్లేదు. షెడ్డులో బిల్లు 40,000 అయింది. "ఇన్సూరెన్స్ ఉందిగా, మనకేం ఖర్చుండదులే" అన్నారాయన. తీరా ఉత్తరం వస్తే 30,100 మాత్రమే ఇస్తామని ఉంది. మిగతా 9,900 మేమే కట్టాలట. అమ్మాయి హాస్టల్ ఫీజుకని దాచిన డబ్బులోంచే తీయాలి.

నేను చదివింది బి.ఏ. తెలుగు. అయినా పొద్దున పనులయ్యాక కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ ఉత్తరం ముందేసుకు కూర్చున్నాను.

అందులో 'డిప్రిసియేషన్' అన్నది మనకి తెలిసిన తరుగే. పాత బంగారం మారిస్తే తీసేస్తారే, అలాంటిదే. పాత భాగం తీసి కొత్తది వేసినందుకు కొంత మనల్ని భరించమంటారు. ప్లాస్టిక్, రబ్బరు వస్తువులకి సగానికి సగం పోతుంది. అందుకే 6,000 బంపర్‌కి 3,000 కోత. ముందు అద్దం 7,000, దానికి తరుగే లేదు. కూలి 5,000, దానికీ లేదు. పెయింటింగ్ 8,000లో పావు వంతుని రంగు ఖరీదుగా లెక్కేసి, అందులో సగం, అంటే 1,000 తీశారు. ఇవి కాక ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సింది మా చిన్న కారుకి 1,000. 1500 సీసీ దాటిన కార్లకైతే 2,000.

ఇంతవరకూ సరిపోయింది. ఇనుప భాగాల దగ్గరే ఆగిపోయాను. బానెట్, ఫెండర్ కలిపి 14,000. అందులో 35 శాతం, 4,900 కోసేశారు. ఇనుముకి తరుగు బండి వయసుని బట్టి పెరుగుతుంది. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపయితే 25 శాతం, నాలుగు దాటి అయిదు లోపయితే 35.

ఆర్‌సీ తీసి చూశాను. ఉత్తరం వచ్చేనాటికి బండికి నాలుగేళ్లు నిండాయి. కానీ గుద్దుకున్న రోజుకి ఇంకా మూడేళ్ల పదకొండు నెలలే! లెక్కలోకి రావాల్సింది ఆ రోజు వయసే.

"ఏమండీ, ఒకసారి ఇది చూడండి" అన్నాను. ఆయన రెండుసార్లు కూడి చూసి, నవ్వి, "నువ్వే రాయి" అన్నారు. ఆర్‌సీ కాపీ జతచేసి, రెండు తేదీలూ చూపిస్తూ నాలుగు ముక్కలు రాసి పంపాం. పది రోజులకి సవరించిన ఉత్తరం వచ్చింది. ఇనుముకి కోత 3,500 అయింది. వాళ్లిచ్చేది 31,500, మేం కట్టేది 8,500.

మిగిలింది 1,400. ఈసారి 'జీరో డిప్రిసియేషన్' కూడా కలిపి పాలసీ తీసుకుందామనుకుంటున్నాం. ప్రీమియం కొంచెం ఎక్కువే. అది తీసుకున్నా ఆ తప్పనిసరి 1,000 మాత్రం మనదేనట. మీ ఇంటికీ ఇలాంటి ఉత్తరం వస్తే, సంతకం పెట్టేముందు ఆర్‌సీ పక్కన పెట్టుకుని చదవండి.