కెనడాలోని వాన్ నుంచి డైరీ: మాత్రల డబ్బా

అక్టోబరు 19, 2025, ఆదివారం

ఫార్మసీలో కొన్న డబ్బాలో వారానికి ఏడు వరుసలు, ఒక్కో వరుసకు నాలుగు గళ్లు: మార్న్, నూన్, ఈవ్, బెడ్. అమ్మ మాత్రలకు ఈ లెక్క కుదరదు. ఆమెకు పొద్దున్నే రెండు వేళలున్నాయి. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీకైనా టిఫిన్‌కైనా అరగంట నుంచి గంట ఆగాలి. షుగరు, బీపీ మాత్రలు టిఫిన్‌తో. అన్నీ 'మార్న్' గడిలో పడితే అన్నీ ఒకే గుక్కలో పోతాయి. అందుకే పైన తెల్ల టేపు అంటించి పరగడుపు, టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి అని రాశాను. వారాల పేర్లూ తెలుగులోనే. ఇంగ్లీషులో ఎస్‌లు రెండు, టీలు రెండు ఉన్నాయి మరి.

అక్టోబరు 21, మంగళవారం

కాల్షియం మాత్ర పొద్దున నుంచి మధ్యాహ్న భోజనానికి మారింది. థైరాయిడ్ మందుకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే కాల్షియం ఆ మందును పేగుల్లోనే పట్టేసుకుంటుంది. మాత్ర రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ పెరుగుతోందంటే, డోసు పెంచేముందు చూడాల్సింది ఈ ఎడాన్నే.

డబ్బా నింపే పని నాన్నది, సరిచూసేది నేను. ఒలిచాక తెల్ల మాత్రలన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి, పేరున్న స్ట్రిప్పు ముక్కలు ఆ వారం అయ్యేదాకా పారేయవద్దన్నాను. డబ్బాకు పిల్లలు తీయలేని మూత లేదు, కనుక దాని చోటు పై అలమర.

అక్టోబరు 24, శుక్రవారం

రేపు నాగుల చవితి. ఆ తర్వాత వచ్చేది కార్తీక సోమవారం. అమ్మ చుక్క చూసేదాకా నీళ్లు, కాసిన్ని పాలు తప్ప ఏమీ ముట్టదు. కానీ ఆమె టిఫిన్ మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ ఉంది. తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను ఊరేలా చేస్తుంది. తినని రోజు షుగరు పడిపోయేది దానివల్లే.

ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర, గుంటూరులో సాయంత్రం ఆరు. అక్కడి అమ్మ డాక్టరుగారికి వీడియో కాల్. "మానెయ్యండి" అంటారని అమ్మ భయం. "ఉపవాసం ఉండకూడదా?" అని అడగకుండా, "ఉంటే ఏ మాత్ర ఎప్పుడు, షుగరు ఎంతకు దిగితే ఆపెయ్యాలి?" అని అడిగాను. ఆయన చెప్పింది రాసుకున్నాను: థైరాయిడ్, బీపీ మాత్రలు మామూలుగానే. పొద్దుటి షుగరు మాత్ర సాయంత్రం భోజనంతో. ఆ రాత్రి వేసుకునే విడి మెట్‌ఫార్మిన్ వద్దు. ఇది అమ్మ కిడ్నీ పరీక్షలు, పాత రీడింగులు చూసి ఆమెకు చెప్పిన లెక్క. ఇంకొకరికి పనికిరాదు.

అక్టోబరు 27, సోమవారం

సోమవారం వరుసలో టిఫిన్ గడి షుగరు మాత్ర రాత్రి గడిలోకి వెళ్లింది. నాలుగు గంటలకు ఇక్కడి మీటరు 5.1 చూపింది. "అయిదేమిటే, బతికే ఉన్నానా!" అంది అమ్మ. కెనడాలో కొలత వేరు, 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది: 92 దాకా. 4 కన్నా తగ్గితే, అంటే మన 72, చుక్క కోసం చూడకూడదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే మీటరు దొరికేదాకా కూడా ఆగొద్దు. ఈ మూడు ముక్కలూ రాసి ఫ్రిజ్ మీద పెట్టాను.

నవంబరు 2, ఆదివారం

గడియారాలు గంట వెనక్కి వెళ్లాయి. "మాత్రలూ జరపాలామ్మా?" అన్నారు నాన్న. అక్కర్లేదు. థైరాయిడ్ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుంది, గంట తేడా దానికి లెక్కలోది కాదు. షుగరు మాత్రకు గడియారంతో పనే లేదు, కంచంతోనే పని. రేపు చుక్కలు మాత్రం గడియారం ప్రకారం గంట ముందే వస్తాయని అమ్మకు సంతోషం.

నవంబరు 9, ఆదివారం

సందర్శకులు తెచ్చుకోగలిగింది 90 రోజుల మందులే. అవి నిండుకునేలోగా ఇక్కడి డాక్టరును చూడాలి, మన ఊరి చీటీకి ఇక్కడి ఫార్మసీ మందులివ్వదు. బ్రాండు పేర్లు ఇక్కడ చెల్లవు. అందుకే ప్రతి మాత్రకూ అసలు మందు పేరు, మిల్లీగ్రాములు, వేళ, దేనికోసం అన్నవి ఒక కాగితం మీదకు ఎక్కించాను. కింద అడగాల్సినవి:

నాన్న ఆస్పిరిన్ ఏ కారణంతో మొదలైంది, ఇంకా అవసరమా? (ఆయన అంతట ఆయన ఆపకూడదు.)

పొద్దుటి గ్యాస్ మాత్ర ఎన్నాళ్లు?

ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న అమ్మకు బీ12, క్రియాటినిన్ ఎప్పుడు చూడాలి?

రెండు మందులు కలిసిన ఆ షుగరు మాత్రను ఇక్కడ విడివిడిగా రాస్తే, ఉపవాసం రోజు గ్లిమిపిరైడ్ ఒక్కటే తీసేయొచ్చా?

చివరి ప్రశ్న అమ్మ రాయించింది. మాఘ ఆదివారాలు వస్తున్నాయట.