కిటికీ దగ్గర ఇరవై నిమిషాలు

హాస్టల్లో ప్రేమ అనగానే సినిమాల్లో గోడ దూకే సీన్ పెడతారు. నేను టెక్కలిలో బీటెక్ చదివిన నాలుగేళ్లూ, 2015 నుంచి 2019 దాకా, లేడీస్ హాస్టల్లోనే ఉన్నాను. గోడ దూకినవాళ్లని ఒక్కరిని కూడా చూడలేదు. ప్రేమించుకున్నవాళ్లని మాత్రం చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఒకదాన్ని.

తను మా కాలేజీలోనే, వేరే బ్రాంచి. ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు ఊరు. వాళ్లకి కొబ్బరి తోట, కొంచెం జీడి. ఇద్దరం ఒకే కాలేజీ కదా, ఇంకేం కష్టం అంటారేమో. కారిడార్‌లో అమ్మాయి, అబ్బాయి రెండు నిమిషాలు నిలబడి మాట్లాడితే మూడో నిమిషానికి ఎవరో ఒక సార్ వచ్చి "ఏ బ్రాంచి?" అని అడిగే రోజులవి. సాయంత్రం ఆరుకి మా గేటు పడేది. బాయ్స్ హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదికి. అడిగితే మా భద్రత కోసమే అనేవారు. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్లకి వేరే రూల్స్ పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనల్లోనే రాసి ఉంది. ఆ సంగతి నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. అప్పట్లో మాకు తెలిసిన నిబంధనలన్నీ నోటీస్ బోర్డు మీద ఉన్నవే.

మా రోజు ఇలా ఉండేది. ఆరుకి గేటు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా స్టడీ అవర్, ఫోన్ కనిపిస్తే వార్డెన్ మేడమ్ టేబుల్ డ్రాయర్లోకి వెళ్లిపోతుంది. తర్వాత భోజనం. తొమ్మిదికి అటెండెన్స్. పదిన్నరకి లైట్లు ఆర్పాలి. అంటే ఫోన్ మాట్లాడటానికి మిగిలేది గంటన్నర. రూమ్‌లో నలుగురం. సిగ్నల్ సరిగ్గా అందేది ఒక్కచోటే, మెట్ల పక్కన ఉన్న కిటికీ దగ్గర.

మా రూమ్‌లో ఒకరిది పూండి, ఒకరిది పొందూరు, ఇంకొకరిది పాతపట్నం. ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. ఫస్ట్ ఇయర్‌లో ఆ కిటికీ కోసం రోజూ గొడవే. చివరికి పాతపట్నం ఒక కాగితం మీద టైమ్‌టేబుల్ రాసి తలుపు వెనక అంటించింది. మనిషికి ఇరవై నిమిషాలు. ఎవరితో మాట్లాడుతున్నావని అడగకూడదు. ఎదుటివాళ్ల టైమ్‌లో మెట్ల మీదకి రాకూడదు. మిగిలిన పది నిమిషాలు ఆ రోజు ఎవరికి అవసరమైతే వాళ్లకి. పొందూరు వాళ్లమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడి పెట్టేసేది. "ఇంక నాకు పనేటి ఉంది, నువ్వెల్లు" అని మిగతా పదిహేనూ నాకు ఇచ్చేసేది.

అప్పుడే 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అంతకుముందు కాల్ అంటే బ్యాలెన్స్ లెక్క. మిస్డ్ కాల్ ఒకటైతే "తిన్నాను", రెండైతే "గేటు దగ్గరికి వచ్చేశాను". జియో మొదట్లో అంతా ఉచితం, 2017 మార్చి నెలాఖరు దాకా. డబ్బు లెక్క పోయింది. కానీ ఇరవై నిమిషాల లెక్క అలాగే ఉంది, ఎందుకంటే కిటికీ ఒక్కటే. నిజం చెప్పాలంటే తనేంటో నాకు తెలిసింది ఆ లెక్క వల్లే. టైమ్ అయిపోగానే "సరే, తర్వాత వాళ్లు చూస్తుంటారు, పెట్టేయి" అనేవాడు. పక్క రూమ్‌లో ఒకమ్మాయికి ఫోన్ చేసే అబ్బాయి అలా కాదు. పెట్టేస్తే మళ్లీ చేసేవాడు. ఎత్తకపోతే పదిసార్లు చేసేవాడు. "పక్కన ఎవరున్నారో వీడియోలో చూపించు" అని పట్టుబట్టేవాడు. నలుగురు పడుకునే రూమ్‌లో వీడియో కాల్ అంటే మిగతా ముగ్గుర్నీ వాళ్లకి తెలియకుండా ఒక పరాయివాడికి చూపించినట్టే. ఒకరు బట్టలు మార్చుకుంటుంటారు, ఒకరు తలకి నూనె రాసుకుంటుంటారు. అందుకే మా కాగితంలో తర్వాత ఇంకో లైన్ చేరింది: రూమ్‌లో వీడియో కాల్ వద్దు. తనకి ఆ విషయం చెబితే "వద్దులే మరి" అన్నాడు, అంతే. కారణం కూడా అడగలేదు.

ఇంక కలవడం. నెలకి రెండు ఆదివారాలు ఔటింగ్, తొమ్మిది నుంచి నాలుగు దాకా. రిజిస్టర్లో పేరు, రూమ్ నంబర్, ఎక్కడికి, ఎవరితో, వెళ్లిన టైమ్, వచ్చిన టైమ్, ఇంటి ఫోన్ నంబర్ రాయాలి. మేడమ్ అప్పుడప్పుడు ఆ నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కునేవారు. టెక్కలి చిన్న ఊరు. జ్యూస్ షాపులో కూర్చుంటే సాయంత్రానికి ఎవరి బాబాయికో తెలిసిపోతుంది. అందుకని జనం లేని చోటు వెతుకుతారు చాలామంది. అది తప్పుడు లెక్క. తోటల్లో, సముద్రం ఒడ్డున ఇద్దరే కనిపిస్తే అందరి కళ్లూ వాళ్ల మీదే. పైగా ఎవరైనా అడ్డగిస్తే కేకేసినా పలికేవాళ్లుండరు. జనం బాగా ఉన్నచోటే ఎవరూ పట్టించుకోరు.

మాకు పలాస స్టేషన్ అలా దొరికింది. టెక్కలి నుంచి బస్సులో ముప్పై కిలోమీటర్ల లోపే. ప్లాట్‌ఫామ్ మీద అందరూ ఏదో ఒక రైలు కోసం ఎదురుచూసేవాళ్లే. ప్లాట్‌ఫామ్ టికెట్ కొనుక్కుని బెంచీ మీద కూర్చుంటే, పక్కన బ్యాగు పెట్టుకున్న ఇద్దరు స్టూడెంట్స్‌ని ఎవరూ రెండోసారి చూడరు. ఏవో రైళ్లు వచ్చి వెళ్లేవి, విశాఖ వచ్చి వెళ్లేది, మేము పల్లీలు తింటూ సెమిస్టర్ సబ్జెక్టుల గురించి, ఇళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. కార్తీక మాసంలో అయితే రావివలస ఎండల మల్లన్న గుడి. పైకప్పు లేకుండా ఎండలోనే ఉండే అంత పెద్ద శివలింగం దగ్గర ఆ జనంలో ఎవరు ఎవరితో వచ్చారో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

నేను రిజిస్టర్లో పలాస అనే రాసేదాన్ని. "ఎవరితో" అన్నచోట పూండి పేరు రాసేదాన్ని, ఎందుకంటే పలాస దాకా నిజంగానే తనతో వెళ్లేదాన్ని. అక్కణ్నుంచి తను ఇంటికి వెళ్లి, తిరుగు బస్సు టైమ్‌కి వచ్చేసేది. రాసినదాంట్లో అబద్ధం లేకుండా చూసుకోవడానికి కారణం మా ఫ్లోర్‌లోనే జరిగిన సంగతి. ఒకమ్మాయి టెక్కలిలోనే ఆసుపత్రికి అని రాసి వైజాగ్ వెళ్లింది. రాత్రి అటెండెన్స్‌కి రాలేదు. రూమ్మేట్‌ని అడిగితే "బాత్రూమ్‌లో ఉంది మేడమ్" అంది, అలా చెప్పమని అడిగింది కాబట్టి. అరగంటలో విషయం బయటపడింది. వెళ్లినమ్మాయి వాళ్ల నాన్న వచ్చి, బతిమాలి, సర్దుబాటు చేసుకున్నాడు. అబద్ధం చెప్పిన అమ్మాయిని మాత్రం హాస్టల్ నుంచి వారం రోజులు ఇంటికి పంపించేశారు. వాళ్లింట్లో "నీకెందుకే ఈ పనులు, నువ్వూ అలాంటిదానివేనా" అన్నారట. ఆ పిల్లకి ప్రేమా లేదు, దోమా లేదు.

అప్పుడు మా రూమ్‌లో అనుకున్నాం. రూమ్మేట్‌ని టైమ్ అడగొచ్చు, కాసేపు బయట ఉండమని అడగొచ్చు, చూసీ చూడనట్టు ఉండమని అడగొచ్చు. అబద్ధం మాత్రం చెప్పమనకూడదు. మొదటి మూడూ ఇస్తే వాళ్లకి పోయేదేమీ లేదు. నాలుగోది ఇస్తే పోయేది వాళ్ల పేరు, వాళ్ల సీటు.

ఫైనల్ ఇయర్‌లో, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తను ముందురోజే ఊరెళ్లాడు. తెల్లారేసరికి టెక్కలిలోనూ చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. కరెంట్ లేదు, సిగ్నల్ లేదు. మా కిటికీ దగ్గర నలుగురం నిలబడి ఫోన్లు పైకెత్తి చూశాం, ఒక్క గీత కూడా లేదు. జనరేటర్ వేసేది నీళ్ల మోటారు కోసం కాసేపే. ఇంట్లోవాళ్ల గురించి ఏడ్చేవాళ్లు పైకే ఏడ్చారు. నేను ఎవరి గురించి ఏడుస్తున్నానో మేడమ్‌కి చెప్పలేను కదా. అడిగితే కడుపునొప్పి అన్నాను.

నాలుగో రోజు పూండి వాళ్ల అన్నయ్య బండి మీద వచ్చాడు. దారిలో పడిన చెట్లు కొట్టుకుంటూ, దిగి తోసుకుంటూ వచ్చానన్నాడు. విజిటర్స్ లిస్టులో ఫొటోతో సహా ఉన్న మనిషి, కాబట్టి లోపలికి రానిచ్చారు. పూండి వాళ్లింటి సంగతులన్నీ కనుక్కుని, చివర్లో మామూలుగా అన్నట్టు తన ఊరి పేరు చెప్పి అడిగింది. పైకి వచ్చి నా పక్కన కూర్చుని, "ఇంటి రేకులు ఎగిరిపోనాయట. మనుషులకి ఏటీ కానేదు. తోట మొత్తం పడిపోయిందట" అంది. నేనేమీ అడగలేదు. తనే అడిగి తెచ్చింది.

కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. వాళ్ల నాన్నకి అప్పటికే డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానంలో ఆ మాటకి వివరం అక్కర్లేదు. ఏడాది కోచింగ్ తీసుకుని గేట్ రాద్దామనుకున్న తను, వచ్చిన మొదటి ఉద్యోగానికే హైదరాబాద్ వెళ్లిపోయాడు. నేనూ మూడు నెలలకి వెళ్లాను.

హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనుకున్నాను. మాదాపూర్‌లో త్రీ షేరింగ్ పీజీ. గేటు పదికి. విజిటర్స్ కింద చెప్పుల స్టాండ్ దగ్గరే నిలబడాలి. ఓనర్ ఆంటీకి మా ఇంటి నంబర్ తెలుసు, కెమెరాలు కూడా ఉన్నాయి. తేడా ఒక్కటే, ఇక్కడ రూమ్మేట్లు ఆరు నెలలకోసారి మారిపోతారు. నైట్ షిఫ్ట్ చేసే అమ్మాయి పగలు పడుకుంటుంది, నేను మెల్లగా మాట్లాడినా తనకి నిద్ర చెడుతుంది. అందుకే చేరిన మొదటి వారంలోనే అడిగేదాన్ని: "నువ్వు ఎప్పుడు పడుకుంటావు? నేను ఎప్పుడు మాట్లాడితే నీకు ఇబ్బంది ఉండదు?" ఆ రెండు ప్రశ్నలూ అడిగితే చాలు, మూడో ప్రశ్న వాళ్లే అడగరు.

2022లో ఇంట్లో చెప్పాం. అమ్మ కులం అడిగింది, జీతం అడిగింది, వాళ్ల నాన్న ఆరోగ్యం గురించి అడిగింది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అన్నేళ్లు ఎక్కడ కలిసేవారే?" అన్నాడు. పలాస స్టేషన్, రావివలస గుడి, చెప్పుల స్టాండ్. అన్నీ చెప్పాను. పెళ్లి మాట ఇంకా తేలలేదు, వాళ్ల నాన్న కాస్త కోలుకున్నాక మాట్లాడదామన్నారు.

మా చెల్లి ఇప్పుడు హాస్టల్లోనే ఉంది. దానికి ఎవరైనా ఉన్నారో లేదో నేను అడగలేదు. మొన్న ఫోన్ చేసినప్పుడు మాత్రం రూమ్‌లో ఎవరెవరున్నారని అడిగాను. ముగ్గురి ఊర్లూ చెప్పింది. "సరే, నీ టైమ్ అయిపోయుంటది, పెట్టేయి" అన్నాను.