చేతికి తగిలిన వేడి

తాండూరులో రసాయనశాస్త్రం చెప్పేవాడు సున్నం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఊరి చుట్టూ గనుల్లో తీసే నాపరాయి సున్నపురాయే. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వెలిసిందీ ఆ రాయి ఉండబట్టే. ద్రావణీయత పాఠానికి నేనూ ఏళ్ల తరబడి సున్నాన్నే ఉదాహరణగా చూపించాను. తప్పుగా చూపించాను.

బీకరులో నీళ్లు పోసి పొడి సున్నం గడ్డ వేసేవాణ్ణి. గడ్డ బుసబుసా పొంగి పగిలేది, ఆవిరి లేచేది, బీకరు పట్టుకోలేనంత కాలేది. "చూశారా, కరిగేటప్పుడు వేడి వదులుతోంది. అంటే ద్రావణ ఎంథాల్పీ రుణాత్మకం. కాబట్టి నీళ్లు వేడిచేస్తే ఇది తక్కువ కరుగుతుంది" అనేవాణ్ణి. పట్టికలూ నా పక్షమే: 100 మి.లీ. నీటిలో 30 డిగ్రీల దగ్గర సుమారు 0.16 గ్రాముల తడి సున్నం కరిగితే, 60 దగ్గర 0.12 మాత్రమే. జవాబు సరిపోయింది కదా అని కారణం జోలికి నేను పోలేదు.

నా గుట్టు బయటపెట్టింది కాల్షియం క్లోరైడ్. డెసికేటర్లో తేమ పీల్చడానికి పెట్టే తెల్లటి పొడి అది. నీళ్లలో వేస్తే ఇదీ బీకరును కాలుస్తుంది; మోలుకు సుమారు 81 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. నా సూత్రం ప్రకారం వేడినీళ్లలో ఇది తక్కువ కరగాలి. ఒక చలికాలం ఉదయం సంతృప్త ద్రావణం అడుగున స్ఫటికాలు పేరుకుని ఉంటే, ఒక అమ్మాయి దాన్ని వేడినీళ్ల తొట్టిలో పెట్టింది. స్ఫటికాలన్నీ మాయమయ్యాయి. "సార్, ఇంకా పేరుకోవాలి కదా?" అంది. ఏదో మలినం ఉండి ఉంటుందని తప్పించుకున్నాను. ఇంటికెళ్లి పట్టిక చూస్తే 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటికి 75 గ్రాములు, 60 దగ్గర 137. పిల్ల చూసిందే నిజం.

పొరపాటు ఎక్కడంటే, నేను వేసిన పొడీ అడుగున ఉన్న స్ఫటికమూ ఒకటే పదార్థం కాదు. సంతృప్త ద్రావణంలో కరగడం, స్ఫటికంగా మారడం రెండూ సమానంగా జరుగుతుంటాయి. వేడిచేస్తే వాటిలో వేడిని పీల్చుకునే పని పైచేయి సాధిస్తుంది. కరగడం వేడిని పీల్చేదైతే ఇంకా కరుగుతుంది, కరగడం వేడిని వదిలేదైతే ఘనం బయటికొస్తుంది. అందువల్ల చూడాల్సింది ఆ అడుగున ఉన్న ఘనం, దాదాపు నిండిపోయిన ఆ ద్రావణంలోకి కరిగేటప్పటి ఎంథాల్పీ గుర్తు. చల్లటి గదిలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం అడుగున ఉండేది ఒక్కో అణువుకు ఆరు నీటి అణువులు పట్టుకున్న స్ఫటికం. పొడి వేసినప్పుడు వచ్చిన వేడిలో పెద్ద భాగం అయాన్లు నీటిని పట్టుకోవడం వల్ల పుట్టింది. స్ఫటికంలో ఆ పని చాలావరకు ముందే అయిపోయింది. అందుకే ఆ స్ఫటికాన్ని నీళ్లలో వేస్తే బీకరు చల్లబడుతుంది. మంచుతో కలిపి చలిమిశ్రమాలు చేసేది దీంతోనే. గుర్తు ధనాత్మకం, ద్రావణీయత పెరుగుతుంది, సూత్రానికేం ఢోకా లేదు.

అప్పుడు సున్నం పాఠాన్ని మళ్లీ లెక్కేశాను, సిగ్గేసింది. బీకరును కాల్చింది కరగడం కానే కాదు. పొడి సున్నం నీటితో చర్య జరిపి తడి సున్నంగా మారడం. దానికి మోలుకు సుమారు 65 కిలోజౌళ్లు. తడి సున్నం నీటిలో కరగడానికి వచ్చేది 17 దాకా మాత్రమే, పైగా లీటరులో కరిగేది మోలులో యాభయ్యో వంతు. అంటే లీటరు నీరు వేడెక్కేది డిగ్రీలో పదో వంతు కూడా కాదు. దాన్ని ఏ చెయ్యీ పసిగట్టలేదు. గుర్తు రుణాత్మకమన్న మాట నిజమే, నేను చూపించిన సాక్ష్యమే దొంగది.

ఇప్పుడు తడి సున్నంతో మొదలుపెట్టి టైట్రేషన్ చేయిస్తాను. గది వేడిమి దగ్గర వడపోసిన 25 మి.లీ. సున్నపు తేటకు 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 21 మి.లీ. పైచిలుకు పడుతుంది, 60 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ వేడి మీదే వడపోసిన దానికి 16 చాలు. వేడి మీదే అనడం ఊరికే కాదు. చల్లారనిచ్చి వడపోస్తే అడుగు సున్నం మళ్లీ కరిగి రీడింగు పాత చోటికి ఎగబాకుతుంది.

టైట్రేషన్‌కు టైము లేని రోజు తేటను మూత బిగించి వేడిచేస్తే చాలు, తెల్లగా మసకబారుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలినా ఇలాగే మసకబారుతుంది కాబట్టి అక్కడితో ఆగకూడదు. చల్లార్చి బాగా కుదిపి కాసేపు చూడాలి: మళ్లీ తేటపడితే వచ్చింది సున్నం, తేటపడకపోతే కార్బొనేట్.