పాలకూర, పెరుగు, నా కిడ్నీలో రాయి



మొన్న ఆదివారం రైతుబజారులో ఒకావిడ నా పాలకూర కట్ట చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది. "ఇది తింటే రాళ్లొస్తాయంట కదండీ" అంది. పక్కనున్న పెద్దాయన "టమాటాతో కలిపి వండితేనే అమ్మా, విడిగా తింటే ఏం కాదు" అని తీర్పు చెప్పేశాడు. నేను నోరు మెదపలేదు. ఎందుకంటే పాతిక సెంట్లలో పాలకూర వేసే నాకే రెండుసార్లు రాయి వచ్చింది. అప్పుడు చెప్పలేని మాట ఇక్కడ చెప్తున్నా, కాస్త ఓపికగా చదవండి.

మొదటిసారి నాలుగేళ్ల కిందట, మే నెలలో. తెల్లారుజామున మడికి నీళ్లు కడుతుంటే నడుం పక్కన మొదలైన నొప్పి గజ్జల దాకా దిగింది. గట్టు మీద కూర్చోలేను, పడుకోలేను. స్కానింగ్ తీస్తే మూత్రనాళంలో 5 మిల్లీమీటర్ల రాయి. మందులిచ్చి నీళ్లు బాగా తాగమన్నారు, నాలుగో రోజు పడిపోయింది.

ఇంటికొచ్చాక ఊళ్లో ఒకాయన "రాయంటే కాల్షియమే కదరా, పాలూ పెరుగూ మానెయ్" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. మజ్జిగతో సహా మానేశాను. పాలకూర మాత్రం మానలేదు. అమ్ముడుపోని కట్టలు సాయంత్రానికి ఇంటికే వస్తాయి కదా, రోజు విడిచి రోజు పాలకూర పప్పే. రెండేళ్లు తిరక్కుండానే రెండో రాయి వచ్చింది.

ఈసారి డాక్టరుగారు రాయిని పోగొట్టుకోవద్దన్నారు. టీ వడకట్టే జల్లెడ ఒకటి విడిగా పెట్టుకుని, దాంట్లో పట్టి తీసుకెళ్లి ఇచ్చాను. ల్యాబులో చూస్తే కాల్షియం ఆక్సలేటు. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం ఇదే రకమంట. ఆయన నా తిండి అంతా అడిగి, పెరుగు మానేశానని చెప్పగానే తల పట్టుకున్నారు.

ఆక్సలేటు అంటే ఏంటో మనకి తెలియకపోవచ్చు గానీ దాని పని మనకు తెలుసు. చేమదుంప కోస్తే చేతులు దురద పెడతాయి, కంద సరిగ్గా ఉడక్కపోతే గొంతు పట్టేస్తుంది. ఆ దురదకి కారణం కంటికి కనపడని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు గింజలు. అవి నీళ్లలో కరగవు. పాలకూరలో మాత్రం చాలావరకు ఆక్సలేటు కాల్షియంతో కలవకుండా, నీళ్లలో కరిగే రూపంలో ఉంటుంది. అది ఎక్కడ కాల్షియం దొరికితే అక్కడ దాన్ని పట్టుకుని, కరగని గింజగా మారుతుంది.

కిటుకంతా ఆ "ఎక్కడ" అనే దాంట్లోనే ఉంది. అన్నంలో పెరుగు ఉంటే ఆ రెండూ పేగులోనే కలుస్తాయి. కరగని గింజ రక్తంలోకి వెళ్లలేదు, మలంతో బయటికి పోతుంది. పేగులో కాల్షియం లేకపోతే ఆక్సలేటు ఒంటరిగా రక్తంలోకి, అక్కణ్ణించి కిడ్నీలోకి చేరుతుంది. మూత్రంలో ఎలాగూ కాల్షియం ఉంటుంది. ఇక అక్కడ కలుస్తాయి. పేగులో కట్టాల్సిన ముడి కిడ్నీలో పడిందన్నమాట. నేను పెరుగు మానేసి చేసిన పని అదే.

లెక్క చూడండి. 100 గ్రాముల పచ్చి పాలకూరలో సుమారు 600 నుంచి 900 మిల్లీగ్రాముల దాకా ఆక్సలేటు ఉంటుంది. దాంట్లో ఒంటికి పట్టేది కొద్ది శాతమే. కానీ మామూలు మనిషి రోజు మొత్తం మూత్రంలో పోయే ఆక్సలేటు 40 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. కాబట్టి ఆ కొద్ది శాతం కూడా తేడా తెస్తుంది. ఇప్పుడు పెరుగు వైపు చూద్దాం. 40 మిల్లీగ్రాముల కాల్షియం 88 మిల్లీగ్రాముల ఆక్సలేటుని పట్టగలదు. 200 గ్రాముల పెరుగులో సుమారు 250 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంటే కాగితం మీద 550 మిల్లీగ్రాముల ఆక్సలేటుకి సరిపోతుంది. కడుపులో అంత కచ్చితంగా జరగదు గానీ దారి మాత్రం అదే.

ఇటలీలో ఇలాంటి రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే 120 మంది మగాళ్ల మీద ఐదేళ్లు పరీక్ష చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి కాల్షియం తగ్గించారు. మిగతా సగానికి కాల్షియం మామూలుగానే ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి మళ్లీ రాయి వచ్చింది, రెండో జట్టులో 12 మందికే. ఉప్పు ఎందుకంటే, ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. మన ఊరగాయలు గుర్తొచ్చాయా?

ఇదే ముడికి ఇంకో వైపు ఉంది. పాలకూరలో కాల్షియం ఉంది, ఎముకలకి బలం అని మా ఇంటావిడ పాలు తాగకుండా ఆకుకూర మీదే ఉండేది. ఉండటం నిజమే, ఒంటికి పట్టదు. అమెరికాలో హీనీ అనే ఆయన బృందం 1988లో కొలిచి చూస్తే పాల కాల్షియం 27 శాతం పైన ఒంటబట్టింది, పాలకూరది 5 శాతమే. వాళ్లు కొలిచిన స్పినాచ్, మన పాలకూర ఒకే మొక్క కాదు, మనది బీట్‌రూట్‌కి చుట్టం. కానీ ఆక్సలేటు రెండింట్లోనూ దండిగా ఉంటుంది. తోటకూర, చుక్కకూర కూడా ఆ జాబితాలోవే. మెంతికూర, కొత్తిమీర, క్యాబేజీలో బాగా తక్కువ.

టమాటా సంగతికొస్తే, పాపం దానికి అనవసరంగా చెడ్డపేరు. టమాటాలో ఆక్సలేటు చాలా తక్కువ. పాలకూర టమాటా కూరలో దోషం ఉంటే అది పాలకూరదే.

ఇప్పుడు మా ఇంట్లో వండే పద్ధతి ఇది. ఆకు తరిగి, మునిగేటన్ని నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తాం. కరిగే ఆక్సలేటులో మూడో వంతు నుంచి ఒక్కోసారి మూడొంతుల పైన ఆ నీళ్లతోనే పోతుంది. కొన్ని విటమిన్లు కూడా పోతాయి, రాయి వచ్చినవాడికి ఆ నష్టం ఫర్వాలేదు. కుక్కర్లో పప్పుతో కలిపి ఉడికిస్తే నీళ్లు పోవు, ఆక్సలేటూ పోదు. నేను వారానికి ఒకసారే తింటాను, అదే పూట పెరుగన్నం తప్పనిసరి. పొద్దున కూర తిని రాత్రి పెరుగు తింటే ఆ ఉపయోగం ఉండదు, రెండూ ఒకే విస్తట్లో ఉండాలి.

అన్నిటికన్నా పెద్దది నీళ్లు. ఎండలో చెమట పోతే మూత్రం చిక్కబడుతుంది, చిక్కబడితే గింజ కట్టడం తేలిక. ఎన్ని నీళ్లు తాగామన్నది కాదు లెక్క, రోజుకి రెండు, రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. రంగు లేత గడ్డిలా ఉంటే సరిపోతున్నట్టు, ముదురు పసుపైతే చాలనట్టు. చేలోకి నేను రెండు లీటర్ల క్యాన్ మోసుకెళ్తున్నా. నిమ్మరసం పిండుకుంటే మంచిదే, దాంట్లో సిట్రేటు గింజ కట్టనివ్వదు. ఉప్పు మాత్రం వెయ్యను.

రాళ్లన్నీ ఒక రకం కావు. యూరిక్ ఆసిడ్ రాయికి ఈ పథ్యం పనిచెయ్యదు, అందుకే రాయి దొరికితే పరీక్షకి ఇవ్వండి. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీ పనితనం తగ్గినవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్నే అడగాలి.

వచ్చే ఆదివారం ఆవిడ మళ్లీ వస్తే ఒకటే అడుగుతాను. ఇంట్లో ఎవరికైనా రాయి వచ్చిందా అని. రాలేదంటే పాలకూర కట్ట ఇచ్చి, పెరుగుతో తినమంటాను. వచ్చిందంటే పక్కనున్న మెంతికూర కట్ట ఇస్తాను. అది కూడా నా మడిలోదే.