బెండకాయ పువ్వులు

నాలుగేళ్ల పిల్లలతో బెండకాయ అచ్చులు వేయించేటప్పుడు రంగు కన్నా ముందు చూసుకోవాల్సింది జిగురు. కోసిన వెంటనే అద్దితే రంగు జారిపోయి పువ్వు బదులు మరక పడుతుంది. అందుకే మనమే ముందుగా అడ్డంగా కోసి, పాతగుడ్డ మీద బోర్లించి కాసేపు ఆరనివ్వాలి. ముదురు కాయైతే మరీ మంచిది, చిన్న చేతుల్లో నలగదు. (కూరకి పనికిరానిది ఇక్కడ రాజా!) కడిగితే పోయే రంగుని గిన్నెలో పోయకండి, పళ్లెంలో తడి స్పాంజి మీద పలచగా పూయండి. అచ్చులో గింజల గదులు పూడిపోయాయంటే రంగు ఎక్కువైనట్టే.

పక్క బల్ల మీద ఆకులు. పచ్చి రావి ఆకుని ఈనెలు పైకొచ్చేలా తిరగేసి, పలచటి కాగితం కప్పి, మూలలకి టేపు వేయండి. క్రేయాన్‌ని పడుకోబెట్టి రుద్దమనండి; మొనతో గీస్తే కాగితం చిరుగుతుంది.