కాలు కదపకుండా గంటసేపు

"కళ్ళు మూసుకుంటే సమస్యలు పోతాయా? ధ్యానం ఒట్టి పలాయనవాదం రా" అన్నావు మొన్న. ఆ మాటని మన సాహిత్యంలో ఎంత తేలిగ్గా విసురుతామో నీకు తెలుసు, భావకవుల్నీ దానితోనే కొట్టారు.

పారిపోవాలంటే ముందు ఒక దారుండాలి కదా. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు వైపున్న ధమ్మఖేత్తలో నేను చేసిన పదిరోజుల విపశ్యన కోర్సులో ఆ దారులన్నీ మూసేస్తారు. ఫోను, పుస్తకం, పెన్ను ఉండవు. మాటలుండవు. తెల్లారి నాలుగింటికి గంట కొడతారు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పని. నాలుగో రోజు నుంచి తల మొదలు పాదాల దాకా ఒంట్లో ఏం తెలుస్తోందో వరసగా చూసుకుంటూ పోవాలి. అధిష్ఠానం మొదలయ్యేదీ అప్పుడే. రోజుకి మూడుసార్లు, గంటేసి సేపు, కళ్ళు తెరవకుండా, చేతులూ కాళ్ళూ కదపకుండా కూర్చోవాలి.

ఇరవై నిమిషాలకి నా కుడి మోకాలు మొదలెట్టింది. ముందు మంట. తర్వాత "ఇంకా నలభై నిమిషాలా!" అన్న భయం. ఆ వెంటనే ఈ పద్ధతి పెట్టినవాళ్ళ మీద కోపం. మామూలుగా ఈ మూడింటినీ కలిపి నొప్పి అనేస్తాం. కదలడానికి వీల్లేనప్పుడు విడివిడిగా కనబడతాయి. మంట ఒక్కటే మోకాల్లో ఉంది, అదీ పెరుగుతూ తగ్గుతూ ఉంది. మిగతా రెండూ నేను కలుపుతున్నవి. బౌద్ధంలో ఆ మొదటిదాన్ని వేదన అంటారు. మన తెలుగు వేదన కాదు, సుఖమైనా దుఃఖమైనా అనుభవానికొచ్చేది. దాని వెనకే వచ్చే "కావాలి, వద్దు" అనే లాగుడు తృష్ణ. ఈ రెండింటి మధ్య లంకెని తెంచడం కోసమే అంతసేపు కదలకుండా కూర్చోబెట్టేది.

ఇది ఆఫీసులో ఎలా పనికొస్తుందో చెప్తా. ఒక రిలీజు రోజు నా కోడ్ రివ్యూలో ఒకతను "అసలిది టెస్ట్ చేశారా?" అని అందరికీ కనబడేలా రాశాడు. చెవులు వేడెక్కాయి, గొంతు బిగుసుకుంది. ఆ వేడిలోనే జవాబు కొట్టెయ్యడం మన వృత్తి ఆచారం. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టకుండా, మోకాలి మంటని చూసినట్టే ఆ వేడిని చూశాను. రెండు నిమిషాల్లో దిగింది. మళ్ళీ చదివితే, టోన్ సంగతి వదిలేస్తే అడగాల్సిన ప్రశ్నే. టెస్ట్ రిపోర్టు లింకు పెట్టాను. టోన్ గురించి సాయంత్రం అతనితో విడిగా మాట్లాడాను. గమనించు, ఊరుకోలేదు.

నువ్వన్నట్టు పారిపోయేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో తేల్చుకోవాల్సిన గొడవ ఉంటే "ముందు కాసేపు కూర్చుంటా" అని గది తలుపేసుకుంటారు. వాళ్ళని పట్టుకోవడం కష్టం కాదు. లేచాక ఆ మాట మాట్లాడారా లేదా చూస్తే చాలు. కూర్చున్నంతసేపూ హాయిగా ఉండి, లేవగానే కుక్కర్ విజిల్‌కి కస్సుమంటే ఆ మనిషి సాధన చేసింది హాయిని మాత్రమే. ఇంటద్దె పెరిగిందనుకో, దానికి ధ్యానం ఏమీ చెయ్యదు, ఓనర్‌తో మాట్లాడాల్సిందే. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్ళకి ఈ కోర్సు తగదు కూడా, దరఖాస్తులోనే ఆ సంగతి అడుగుతారు.

ఇంటికెళ్ళాక పొద్దున గంట, సాయంత్రం గంట చెయ్యమంటారు. నాకు పొద్దున అరగంటే కుదురుతోంది.